విజయవాడ గోడౌను ఉంచాలా, ఎత్తేయాలా? పెద్ద గిడ్డంగికీ చిన్న గిడ్డంగులకూ మధ్య తేలని లెక్క

2014 జూన్ 2కు ముందు హైదరాబాదు శివారులోని గోడౌను నుంచి విజయవాడ డీలరుకు సరుకు పంపితే అది ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకం. రాష్ట్రం రెండయిన రోజు నుంచి అదే లారీ, అదే రోడ్డు మీద, అదే డీలరుకు తీసుకెళ్లిన సరుకు అంతర్రాష్ట్ర అమ్మకంగా మారింది. దాని మీద కేంద్ర అమ్మకపు పన్ను పడేది. కొన్న డీలరు సి ఫారం ఇస్తే 2 శాతం. స్థానిక వ్యాట్‌కు డీలరుకు క్రెడిట్, అంటే తాను కట్టే పన్నులో మినహాయింపు, దొరికేది గాని, ఈ 2 శాతానికి దొరికేది కాదు. అది ఎవరో ఒకరు భరించాల్సిన ఖర్చు. అందుకే అంతవరకు ఒక్క హైదరాబాదు నుంచే రెండు ప్రాంతాలకూ సరఫరా చేసిన కంపెనీలకు విజయవాడలో మరో డిపో తెరవక తప్పలేదు. సొంత డిపోకు సరుకు బదిలీ చేస్తే అది అమ్మకం కిందికి రాదు కాబట్టి ఎఫ్ ఫారం మీద సరుకు తెచ్చుకుని, అక్కడ స్థానిక బిల్లు కొట్టేవారు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఈ కారణం పోయింది. రాష్ట్రం దాటిన అమ్మకం మీద పడే ఐజీఎస్టీకి డీలరు క్రెడిట్ తీసుకుంటాడు కాబట్టి బిల్లు హైదరాబాదులో కొట్టినా విజయవాడలో కొట్టినా పన్ను భారం ఒక్కటే. పన్ను కోసం తెరిచిన డిపోను ఇప్పుడేం చేయాలన్నది ఆనాడు దేశమంతటా పంపిణీ విభాగాల ముందుకు వచ్చిన ప్రశ్న. డిపోలు ఎత్తేసి పెద్ద గిడ్డంగులు కట్టుకుంటే నిల్వలు తగ్గి లాభాలు పెరుగుతాయని అప్పట్లో వినని సమావేశం లేదు. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ నిజం ఎంతో, ఏ సరుకు విషయంలోనో కాగితం మీద వేసి చూసినవారు తక్కువ. ఈ వ్యాసంలో చేయబోయేది ఆ పనే.

ఒక ఫ్యాన్ల కంపెనీని ఊహించుకుందాం. ఫ్యాక్టరీ ఉత్తరాదిన ఉంది. తెలంగాణకు హైదరాబాదు గోడౌను, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడ గోడౌను సరుకు ఇస్తున్నాయి. ఒక్కో రాష్ట్రంలో రోజుకు 500 ఫ్యాన్ల చొప్పున, ఏడాదికి 300 పనిదినాలు అమ్మకం జరుగుతుంది. అంటే ఆంధ్రకు ఏటా 1,50,000 ఫ్యాన్లు. ఆ 500లో నాలుగు మోడళ్లు రోజుకు వందేసి పోతాయి. ఇవి ప్రతి ఇంట్లో కనిపించే సాదా ఫ్యాన్లు, కంపెనీకి ఒక్కోటి 1,500 రూపాయలు పడుతుంది. మిగిలిన వంద ఫ్యాన్లు వంద రకాల ఖరీదైన మోడళ్ల మధ్య, రోజుకు ఒక్కోటి చొప్పున, చెదిరి ఉంటాయి. ఇవి ఒక్కోటి 3,000 పడతాయి. డీలరు ధర సగటున 2,000 అనుకుందాం. ఈ అంకెలన్నీ లెక్క కోసం గుండ్రంగా వేసుకున్నవి. మీ సరుకుకు మీ అంకెలు వేసుకుంటే జవాబు మారవచ్చు గాని, లెక్క నడిచే దారి మారదు.

ముందుగా పాత పన్ను బరువు ఎంతో చూడండి. 2,000 మీద 2 శాతం అంటే ఫ్యాన్‌కు 40 రూపాయలు, ఏడాదికి 60 లక్షలు. ముందు ముందు మనం చూడబోయే ఖర్చుల తేడాల్లో ఏ ఒక్కటీ దీనికి దరిదాపుల్లోకి రాదు. కాబట్టి 2014లో డిపో తెరవడం తప్పు కాదు. అప్పుడు ఎవరూ నిల్వల గురించీ రవాణా గురించీ నిజంగా ఆలోచించాల్సిన అవసరం పడలేదు, అంతే. పన్ను అడ్డు తొలగిన తరువాతే అసలు లెక్క కనబడింది.

అసలు లెక్కలో మొదట అందరూ ఎత్తేది నిల్వ సంగతి. గోడౌనులో సరుకు రెండు పనులు చేస్తుంది. ఒక లారీ దిగిన నాటి నుంచి మరో లారీ దిగే దాకా మామూలు అమ్మకాలకు సరిపోయేది ఒక భాగం. అమ్మకాలు అనుకున్నదానికంటే ఎగసినా ఖాళీ కాకుండా కాచుకోవడానికి అదనంగా ఉంచేది రెండో భాగం. దీన్నే సేఫ్టీ స్టాక్ అంటారు. గోడౌన్లను కలిపితే బాగా తగ్గేది ఈ రెండో భాగమే. తెలంగాణలో ఒక మోడల్ ఈ వారం అనుకోకుండా ఎక్కువ పోయిందంటే అదే వారం ఆంధ్రలోనూ ఎక్కువ పోవాలని లేదు. ఒకచోట ఎగసినదాన్ని ఇంకోచోట తగ్గినది కొంత సర్దేస్తుంది. సరుకంతా ఒక్కచోట ఉంటే ఈ సర్దుబాటు దానంతట అదే జరుగుతుంది. రెండుచోట్ల ఉంటే ప్రతి గోడౌనూ తన భయానికి తగ్గ నిల్వ తాను పెట్టుకోవాలి.

దీన్ని అంకెల్లో చూద్దాం. రోజుకు వంద పోయే సాదా మోడల్‌కు, మన అంచనాకూ నిజంగా అమ్ముడైనదానికీ మధ్య రోజువారీ తేడా సాధారణంగా 40 ఫ్యాన్ల మేర ఉంటుందనుకుందాం. ఇండెంటు పెట్టిన రోజు నుంచి సరుకు దిగే దాకా 9 రోజులు. తొమ్మిది రోజుల తేడా ఒక రోజు తేడాకు తొమ్మిది రెట్లు కాదు, తొమ్మిదికి వర్గమూలం రెట్లు, అంటే మూడు రెట్లే. ఎందుకంటే రోజుల మధ్య కూడా ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి కొంత సర్దుకుంటాయి. అలా 120 వస్తుంది. నూటికి 95 సార్లు సరుకు నిండుకోకుండా ఉండాలంటే దాన్ని 1.65తో హెచ్చించాలి. 198 వస్తుంది, 200 అనుకుందాం. రెండు గోడౌన్లలో కలిపి 400. అదే ఒక్క గోడౌను నుంచి రెండు రాష్ట్రాలకూ ఇస్తే కావలసిన నిల్వ రెట్టింపు కాదు, రెండుకు వర్గమూలం రెట్లే, సుమారు 283. మిగిలింది 117 ఫ్యాన్లు, అంటే దాదాపు 29 శాతం. గిడ్డంగుల సంఖ్య పెరిగే కొద్దీ సేఫ్టీ స్టాక్ ఆ సంఖ్య వర్గమూలం చొప్పున పెరుగుతుందన్న ఈ సూత్రాన్ని పంపిణీ రంగంలో వర్గమూల సూత్రమనే పిలుస్తారు. 1976లో డేవిడ్ మైస్టర్ రాసిన పరిశోధన పత్రంతో ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ సూత్రాన్ని వాడేవారిలో చాలామంది మరిచిపోయే షరతు ఒకటి ఉంది. రెండు ప్రాంతాల ఎగుడుదిగుళ్లకూ ఒకదానితో ఒకటికి సంబంధం ఉండకూడదు. సంబంధం ఉంటే లెక్క ఇలా మారుతుంది:

```
σ = √(σ₁² + σ₂² + 2ρσ₁σ₂)
```

ఇక్కడ σ₁, σ₂ అన్నవి ఒక్కో ప్రాంతంలో అంచనాకూ అమ్మకానికీ మధ్య ఉండే తేడాలు, σ అన్నది రెండూ కలిపితే వచ్చే తేడా, ρ అన్నది రెండు ప్రాంతాలూ ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే అంకె. అది సున్నా అయితే పైన చూసిన 29 శాతం మిగులుతుంది. 0.5 అయితే ఒక్క గోడౌనుకు 283 చాలదు, 346 కావాలి. మిగులు 13 శాతానికి పడిపోతుంది. 1 అయితే అసలు మిగులే లేదు, ఎందుకంటే రెండు రాష్ట్రాలకూ కరువు ఒక్కరోజే వస్తుంది. ఫ్యాన్ల వ్యాపారంలో ఇది ఉత్త ఊహ కాదు. ఎండలు ముదిరితే ఖమ్మానికీ గుంటూరుకూ ఒకేసారి ముదురుతాయి.

అయితే ఇక్కడే ఎదురు దిశలో కూడా ఒక పొరపాటు జరుగుతుంది. రెండు ఊళ్ల నెలవారీ అమ్మకాలను పక్కపక్కన పెట్టి, రెండూ ఏప్రిల్‌లో పెరిగి ఆగస్టులో తగ్గాయి కాబట్టి ρ 0.9 ఉందని తేల్చేస్తారు. ఎండాకాలంలో ఫ్యాన్లు పోతాయన్నది ముందే తెలిసిన సంగతి. దాన్ని అంచనాలో కలుపుకుని సరుకు ముందే తెప్పించుకుంటాం. సేఫ్టీ స్టాక్ కాచుకోవాల్సింది అంచనా తప్పిన మేరకే. కాబట్టి కొలవాల్సింది అమ్మకాలు కలిసి కదులుతున్నాయా అని కాదు, మన అంచనాలు రెండుచోట్లా ఒకే వైపుకు, ఒకేసారి తప్పుతున్నాయా అని. ఈ రెండు కొలతలూ ఒకే కంపెనీలో ఒకదానికొకటి పొంతన లేకుండా రావచ్చు.

ఇప్పుడు నెమ్మదిగా పోయే మోడళ్ల దగ్గరకు వద్దాం. రోజుకు ఒక్కటి పోయే మోడల్ నిజానికి రోజుకు ఒక్కటి పోదు. మూడు రోజులు ఏమీ పోక, నాలుగో రోజు ఏ కొత్త అపార్టుమెంటుకో ఒకేసారి నాలుగు పోతాయి. అందుకని రోజువారీ తేడా 1.5 అనుకుంటే తొమ్మిది రోజులకు 4.5, దాన్ని 1.65తో హెచ్చిస్తే దాదాపు 7.4. అంకె చిన్నదే గాని దాన్ని అమ్మకం రోజుల్లో చూడండి. సాదా మోడల్‌కు 200 ఫ్యాన్లంటే రెండు రోజుల అమ్మకం. ఈ మోడల్‌కు 7.4 అంటే వారం దాటిన అమ్మకం. ఒక్కో గోడౌనులో నాలుగు సాదా మోడళ్లకు 800 ఫ్యాన్ల సేఫ్టీ స్టాక్ ఉంటే, అమ్మకాల్లో అయిదో వంతే ఉన్న ఈ వంద మోడళ్లకు 740 ఉంటుంది. డబ్బులో చూస్తే రెండు గోడౌన్లకూ కలిపి సాదా ఫ్యాన్ల కింద 24 లక్షలు, ఖరీదైన వాటి కింద దాదాపు 44 లక్షలు ఇరుక్కుని ఉంటాయి.

కలిపేస్తే ఇందులో 29 శాతం, సుమారు 20 లక్షలు బయటికి వస్తాయి. సరుకు కింద ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ, బీమా, పాతబడడం, పాడవడం అన్నీ కలిపి ఏడాదికి 20 శాతం ఖర్చనుకుంటే, ఏటా మిగిలేది 4 లక్షలు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సమావేశాల్లో నిల్వలు ముప్ఫై శాతం తగ్గుతాయన్న మాట విన్నప్పుడు మనసులో మెదిలే అంకె వేరు, ఈ 4 లక్షలు వేరు. ఆంధ్రలో 30 కోట్ల అమ్మకం మీద ఇది. 29 శాతం తగ్గేది మొత్తం నిల్వలో కాదు, సేఫ్టీ స్టాక్‌లో. చేతికి వచ్చేది ఆ సరుకు ఖరీదు కాదు, దాన్ని ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు. ఈ రెండు తగ్గింపులను ఎవరూ పైకి చదవరు. ఆ 20 లక్షలు ఒకసారి చేతికొచ్చే నగదు మాత్రం నిజమే, నగదుకు కటకటలాడే కంపెనీకి అది చిన్న సంగతి కాదు.

నేను కొంతకాలం ఒక కంపెనీ డిపో లెక్కలు చూశాను. నెలాఖరు స్టాకు లెక్కింపునాడు గోడౌను వెనక గోడ పక్కన గోధుమరంగు ఫ్యాన్ల పెట్టెలు నలభై దాకా, మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ముతో కనిపించాయి. రిజిస్టరు చూస్తే అవి దిగి పదమూడు నెలలు. ఆ సాయంత్రమే పక్క రాష్ట్రం డిపో నుంచి ఫోను వచ్చింది: అదే మోడల్ ఆరు పెట్టెలు కావాలట, ఎక్కడైనా ఉన్నాయా అని. పార్శిలు కిరాయి, రెండుచోట్లా హమాలీ, ఈ-వే బిల్లు తీసే గుమస్తా సమయం అన్నీ కలుపుకుంటే ఆ ఆరు ఫ్యాన్ల మీద లాభం అక్కడికక్కడే సరి. అయినా పంపాం. ఒక డిపో నుంచి ఇంకో డిపోకు ఇలా పక్కదారిన తిరిగే సరుకు నెలనెలా పెరుగుతోందంటే, ఆ సరుకును అన్నిచోట్లా పంచి పెట్టడం తప్పని గోడౌనే చెబుతున్నట్టు. దీనికి వేరే నివేదిక అక్కర్లేదు, బదిలీ బిల్లులు లెక్కపెడితే చాలు.

నిల్వ సంగతి ఇలా ఉంటే, రవాణా సంగతి దీనికి ఎదురు నడుస్తుంది. డిపో లేకపోతే ఫ్యాక్టరీ నుంచి హైదరాబాదు దాకా పెద్ద లారీలో, అక్కడి నుంచి ఆంధ్ర డీలర్లకు చిన్న బళ్లలోనూ పార్శిలు సర్వీసులోనూ వెళ్లాలి. డిపో ఉంటే పెద్ద లారీ విజయవాడ దాకా వస్తుంది, చిన్న బండి ప్రయాణం తగ్గుతుంది. పెద్ద లారీలో ఫ్యాన్‌కు కిలోమీటరుకు పడే ఖర్చు చిన్న బండిలో పడేదాంట్లో కొద్ది వంతే కాబట్టి, సరుకును వీలైనంత దూరం పెద్ద లారీలో తెచ్చుకోవడమే లాభం.

ముప్ఫై రెండు అడుగుల కంటైనర్ లారీలో ఈ పెట్టెలు 1,500 పడతాయనుకుందాం. హైదరాబాదుకు కిరాయి 90,000 అయితే ఫ్యాన్‌కు 60. విజయవాడ మరో 275 కిలోమీటర్లు, కిరాయి లక్ష, ఫ్యాన్‌కు దాదాపు 67. హైదరాబాదు నుంచి ఆంధ్ర డీలర్లకు సగటున ఫ్యాన్‌కు 38, విజయవాడ నుంచి 18 పడుతుందనుకోండి. డిపో లేకపోతే మొత్తం 98, ఉంటే 85. ఫ్యాన్‌కు 13 చొప్పున, లక్షన్నర ఫ్యాన్లకు ఏటా 19.5 లక్షలు డిపో మిగులుస్తుంది. నిల్వలో పోయే 4 లక్షల కన్నా ఇది దాదాపు అయిదు రెట్లు. నిల్వల గురించి అంత మాట్లాడి రవాణాను ఒక వాక్యంలో దాటేసే వాదనల మీద నాకు నమ్మకం కుదరకపోవడానికి ఇదే కారణం.

కాని రవాణా లెక్కలో ఒక చోట నేల జారుతుంది. పై లెక్కంతా లారీ నిండుగా వస్తుందన్న నమ్మకం మీద నిలబడింది. విజయవాడకు వచ్చే లారీలు మూడింట రెండు వంతులే నిండి, 1,000 పెట్టెలతో వస్తున్నాయనుకోండి. కిరాయి అదే లక్ష, ఫ్యాన్‌కు వంద. వందకు 18 కలిపితే 118, డిపో లేకపోతే పడే 98 కన్నా 20 ఎక్కువ. ఏటా 19.5 లక్షల లాభం కాస్తా 30 లక్షల నష్టంగా తిరగబడుతుంది. డిపోల సంఖ్య పెరిగే కొద్దీ రవాణా ఖర్చు ముందు తగ్గి, ఒక దశ దాటాక మళ్లీ పెరగడానికి కారణం ఇదే. దూరం తగ్గుతూనే ఉంటుంది గాని ఒక్కో డిపో వాటా ఎంత చిన్నదవుతుందంటే, దానికి వచ్చే లారీ నిండదు.

రాయలసీమ కోసం తిరుపతిలో మూడో గోడౌను పెడదామన్న ఆలోచనను ఈ వెలుగులో చూడండి. ఆంధ్ర అమ్మకంలో అయిదో వంతు, రోజుకు వంద ఫ్యాన్లు అక్కడివనుకుంటే ఒక లారీ నిండడానికి 15 పనిదినాలు పడుతుంది. అంతదాకా ఆగితే గోడౌను పదిహేను రోజులకొకసారి నిండి, పదిహేను రోజుల్లో ఖాళీ అవుతూ ఉంటుంది. వంద మోడళ్లలో దేనికి కొరత వచ్చినా మరో రెండు వారాలు ఆగాలి. ఆగకుండా ముందే పంపితే సగం ఖాళీ లారీకి నిండు కిరాయి. ఈ రెంటికీ మధ్య మంచి దారి లేదు. ఒక డిపోకు సరిపడా అమ్మకం ఉందా అన్న ప్రశ్నకు నా దృష్టిలో కరుకైన పరీక్ష ఇదే: లారీ ఎన్ని రోజులకు నిండుతుంది? మనం పెట్టుకున్న అమ్మకాలకు విజయవాడలో మూడు రోజులు, తిరుపతిలో పదిహేను.

ఇక గోడౌను సొంత ఖర్చు. విజయవాడ శివారులో పన్నెండు వేల చదరపు అడుగులు, అడుగుకు నెలకు 18 రూపాయల చొప్పున ఏడాదికి దాదాపు 26 లక్షల అద్దె. దాన్ని ఎత్తేస్తే హైదరాబాదులో మరో ఎనిమిది వేల అడుగులు తీసుకోవాలి, అడుగుకు 20 చొప్పున 19 లక్షలు. తేడా ఏడు లక్షలకు కాస్త తక్కువ. డిపో మేనేజరు, స్టోర్‌కీపరు, బిల్లింగు గుమస్తా, వాచ్‌మన్, కరెంటు, బీమాలకు విజయవాడలో ఏటా 18 లక్షలయితే, అదే పని హైదరాబాదులో కలిపి చేయడానికి 7 లక్షల చిల్లర చాలు, తేడా దాదాపు 11 లక్షలు. ఇద్దరు మేనేజర్లు చేసే పనిని ఒకరు చేయగలరు, ఇద్దరు వాచ్‌మన్ల పనిని కూడా. చిన్న గోడౌన్లు ఎక్కువయ్యే కొద్దీ పెరిగేది ఇలాంటి ఖర్చే.

ఇప్పుడు మొత్తం కలపండి. డిపో ఉంచితే అద్దెలో 6.7 లక్షలు, సిబ్బందిలో 10.8 లక్షలు, నిల్వలో 4 లక్షలు, కలిపి 21.5 లక్షలు అదనపు ఖర్చు. రవాణాలో మిగిలేది 19.5 లక్షలు. డిపో ఎత్తేస్తే ఏటా రెండు లక్షలు ఆదా. 30 కోట్ల అమ్మకం మీద రెండు లక్షలు! డీజిలు ధర కదిలినా, గోడౌను యజమాని అద్దె పెంచినా తారుమారయ్యే తేడా ఇది. లెక్క తప్పిందని కాదు, ఈ లెక్క స్వభావమే అంత. నిల్వ, అద్దె ఒకవైపు లాగుతుంటే రవాణా మరోవైపు లాగుతుంది. మొత్తం ఖర్చు గీత అడుగున పళ్లెంలా చదునుగా ఉంటుంది. అందుకే అత్యంత చౌకైన గిడ్డంగుల సంఖ్య ఒకటా రెండా అని దశాంశాల దాకా వాదించుకోవడంలో అర్థం లేదు. ఆ చదును మీద ఎక్కడ నిలబడాలో మరో విషయం తేల్చాలి.

ఆ విషయం సేవ. విజయవాడ గోడౌనుకు ఉదయం ఫోను చేసిన గుంటూరు డీలరుకు సాయంత్రానికి సరుకు అందుతుంది. హైదరాబాదు నుంచయితే రాత్రి బయలుదేరిన లారీ తెల్లవారేసరికి విజయవాడ చేరుతుంది గాని, 620 కిలోమీటర్ల విశాఖకు ఆర్డరు పెట్టిన రెండో రోజో మూడో రోజో అవుతుంది. డీలరు దీనికి రెండు రకాలుగా స్పందిస్తాడు. మొదటిది, తానే ఎక్కువ సరుకు పెట్టుకోవడం. అప్పుడు కంపెనీ తగ్గించుకున్న నిల్వ మాయమవలేదు, డీలరు కొట్టు వెనక గదిలోకి మారింది, అంతే. డీలరుకు వడ్డీ కంపెనీకన్నా ఎక్కువే పడుతుంది, దాన్ని అతను మార్జిను పెంచమనో, నలభై అయిదు రోజుల అప్పు అరవై చేయమనో తిరిగి అడుగుతాడు. రెండోది, సాదా ఫ్యాను అయితే పక్కనున్న వేరే కంపెనీది అమ్మేయడం. ఉక్కపోతలో వచ్చిన కొనుగోలుదారు మూడు రోజులు ఆగడు.

ఇలా పోయే అమ్మకం ఆంధ్ర అమ్మకంలో ఒక్క శాతమే అయినా 1,500 ఫ్యాన్లు. ఫ్యాన్‌కు 250 లాభం వేసుకుంటే 3.75 లక్షలు. డిపో ఎత్తేసి ఆదా చేసిన రెండు లక్షలు అందులో కొట్టుకుపోతాయి. మూడు శాతం అయితే 11 లక్షలు దాటుతుంది. ఒకటా మూడా అన్నది ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, ఎందుకంటే పోయిన అమ్మకానికి బిల్లు ఉండదు. మన రిజిస్టర్లలో ఉండేవన్నీ జరిగిన అమ్మకాలే. దీన్ని పట్టుకునే మార్గం ఒక్కటే: ఆర్డరు తీసుకునేవారు సరుకు లేదని చెప్పిన ప్రతిసారీ మోడలు, సంఖ్య రాసిపెట్టాలి, ఆ డీలరు తరువాత అవే తీసుకున్నాడా లేదా చూడాలి. మూడు నెలలు ఓపికగా రాస్తే శాతం తెలుస్తుంది. రాయకుండా తీసుకున్న నిర్ణయంలో ఆ శాతం సున్నా అని మనకు తెలియకుండానే అనుకున్నట్టు అవుతుంది, తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు జరుగుతుంది.

ఇంతవరకు వచ్చాక ప్రశ్న అడిగిన తీరే సరిగా లేదని తోస్తుంది. ఉంచాలా ఎత్తేయాలా అని గోడౌనును అడిగాం గాని, అడగాల్సింది సరుకును. సాదా ఫ్యాన్లు నాలుగు మోడళ్లే. వాటి సేఫ్టీ స్టాక్ రెండు రోజుల అమ్మకమే, కలిపితే వచ్చే ఆదా ఏటా 1.4 లక్షలు. కొనుగోలుదారు ఆగనిది వీటికే, లారీలు నింపేది కూడా ఇవే. ఖరీదైన వంద మోడళ్ల సంగతి దీనికి తలకిందులు. డబ్బు ఇరుక్కునేది వీటిలో, దుమ్ము పట్టేవీ ఇవే. ఇల్లు కట్టుకుంటూ ఫలానా రంగే కావాలని ఎంచుకున్న మనిషి రెండు రోజులు ఆగుతాడు. కాబట్టి సాదావి విజయవాడలో, ఖరీదైనవి హైదరాబాదులో మాత్రమే పెట్టి చూద్దాం.

విజయవాడలో ఏడు వేల అడుగులు చాలు. హైదరాబాదులో తీసుకోనక్కర్లేని జాగా అద్దె తీసేస్తే అద్దె తేడా మూడు లక్షల పైచిలుకు. సిబ్బంది తేడా ఏడు లక్షలు అనుకుందాం, నిల్వ 1.4 లక్షలు, మొత్తం 11.5 లక్షలు. 1,20,000 సాదా ఫ్యాన్ల మీద రవాణాలో 13 చొప్పున మిగిలేది 15.6 లక్షలు. డిపో పూర్తిగా ఎత్తేయడం కన్నా నాలుగు లక్షలు, పూర్తిగా ఉంచడం కన్నా ఆరు లక్షలు మెరుగు, పైగా సాదా ఫ్యాన్ల డీలరుకు సేవ తగ్గలేదు. ఇది కూడా పెద్ద మొత్తం కాదు, కాని మొదటి రెండు దారుల్లో ఏదో ఒక వైపు తప్పక పోగొట్టుకునేది ఇందులో పోగొట్టుకోం.

చిక్కులు లేకపోలేదు. రెండు రాష్ట్రాల్లో రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి కాబట్టి డీలరుకు రెండు బిల్లులు, రెండు రోజుల్లో రెండు బళ్లు వస్తాయి. హైదరాబాదు నుంచి రోజుకు వంద ఖరీదైన ఫ్యాన్లంటే చిన్న బండికీ పూర్తి లోడు కాదు. వాటిని డీలర్ల పేరున హైదరాబాదులోనే బిల్లు కొట్టి, రాత్రి ఒకే బండిలో విజయవాడకు చేర్చి, గోడౌనులో దించి పెట్టకుండా తెల్లవారి సాదా ఫ్యాన్లతో పాటే డీలరుకు పంపే పద్ధతి పెట్టుకుంటే ఈ రెండు చిక్కులూ సగానికి తగ్గుతాయి. ఆ రాత్రి బండి రెండు గంటలు ఆలస్యమైతే మాత్రం ఉదయం బళ్లన్నీ ఆగుతాయి. ఫ్యాక్టరీ నుంచి మరో రాష్ట్రంలోని సొంత డిపోకు పంపిన సరుకు మీద ఐజీఎస్టీ ముందే పడుతుంది, అది అమ్ముడయ్యే దాకా ఆ డబ్బు కూడా ఇరుక్కునే ఉంటుందన్నది మరో చిన్న ఖర్చు.

ఈ ఏర్పాటు ఎప్పటిదాకా నిలుస్తుందో కూడా లెక్క వేయవచ్చు. విజయవాడ డిపో అదనపు ఖర్చు 11.5 లక్షలు 1,20,000 ఫ్యాన్ల మీద పంచితే ఫ్యాన్‌కు 9.6 రూపాయలు. హైదరాబాదు దారిన పడే 98లోంచి ఇదీ, విజయవాడ నుంచి డీలరుకు పడే 18 తీసేస్తే 70.4. ఫ్యాక్టరీ నుంచి విజయవాడకు ఫ్యాన్‌కు పడే కిరాయి 70.4 రూపాయలు దాటితే రవాణాలో మిగిలేది ఆ ఖర్చుకు చాలదు. లక్ష కిరాయి లారీకి 70.4 అంటే 1,420 పెట్టెలు. సగటున అంతకన్నా తక్కువ పెట్టెలతో లారీలు వస్తుంటే విజయవాడలో గోడౌను ఉంచడానికి ఖర్చు వైపు నుంచి కారణం పోయినట్టే, మిగిలేది సేవ ఒక్కటే. రోజుకు మొత్తం 400 పోయే నాలుగు మోడళ్లతో లారీ నాలుగు రోజుల లోపే నిండుతుంది కాబట్టి ఇది సాధ్యమే. అందుకని ఆ డిపో గోడ మీద రాసి పెట్టుకోవాల్సింది అమ్మకాల లక్ష్యం కన్నా ముందు, గత నెలలో దిగిన ఒక్కో లారీలో వచ్చిన పెట్టెల సంఖ్య.